ఎడమ కంటి గడి

డాక్టరుగారు గబగబా చెప్పుకుపోయే కంటి పరీక్షల వివరాలను కుడికన్ను ఒక వరసలో, ఎడమకన్ను పక్క వరసలో కంప్యూటర్లోకి ఎక్కించడం టైపమ్మ పని. చూపైనా, కంటి లోపలి ఒత్తిడైనా, కంటి వెనుక నరమైనా కుడికన్నే ముందు. ఆ అలవాటే కొంప ముంచింది.

పోయినసారి దర్జీ తాతకు కుడికంట నీరు కారుతుంటే, డాక్టరుగారు ఒత్తిడి మాత్రం నీరు కారని ఎడమకంటికి ముందు చూశారు. "ఎడమ ఇరవై ఎనిమిది, కుడి పద్నాలుగు" అనే చెప్పారు. చెవులు విన్నాయి గానీ వేళ్లు వింటేనా! ఉండకూడనంత ఎక్కువైన ఆ ఇరవై ఎనిమిది పోయి కుడి గడిలో కూర్చుంది. అది చూసి ఆయన కుడికంటికి ఒత్తిడి తగ్గించే చుక్కల మందు రాశారు. ఏ కంట్లో వేసుకోవాలో తాతకు చెప్పి పంపింది టైపమ్మే. నరం దెబ్బతిన్నది ఎడమకంట్లోనని ఆ కిందే ఉంది. రెంటికీ పొంతన లేదని ఆ రద్దీలో ఎవరికి పట్టింది?

ఇవాళ తాత ఎడమ చూపు బాగా తగ్గింది. పాత రిపోర్టు తెరవగానే టైపమ్మకు తన తప్పు కనబడింది. లేచి వెళ్లి డాక్టరుగారికి చెప్పేసింది.

ఆయన వచ్చి తెర మీద రెండు గడులూ చూశారు. "కింద సంతకం నాదేగా. పోయిన చూపు ఇక రాదు. పద, ఇద్దరం కలిసే చెబుదాం."

వాళ్లు నోరు తెరిచేలోగానే తాత నవ్వాడు. "సూదిలో దారం ఎక్కట్లేదమ్మా. చుక్కలు మాత్రం ఒక్కపూటా మానలేదు. నువ్వు చెప్పినట్టే, కుడికంట్లోనే."