స్కేలు పెట్టి గీసిన గీత

ఆస్పత్రిలో అందరూ ఆవిడని ‘స్కేలు మేడం’ అనేవారు. ఆవిడ ముందు కాదు, వెనకాల. బరువు తగ్గాల్సిన మనిషి ఎవరొచ్చినా ఆ డైటీషియన్ ముందు గళ్ళ అట్ట ఒకటి తీసి, ఈరోజు బరువు దగ్గర ఒక చుక్క, తగ్గాల్సిన బరువు దగ్గర ఇంకో చుక్క పెట్టి, రెండింటినీ స్కేలుతో కలిపేది. కిలో కొవ్వంటే ఏడువేల ఏడువందల క్యాలరీలు. రోజుకి ఐదొందలు తక్కువ తింటే పదిహేను రోజులకో కిలో. పన్నెండేళ్ళుగా ఆవిడకి అది ఎక్కం లాంటి మాట. వారం వారం తూచిన బరువు గీత మీదో కిందో పడితే నీలం చుక్క, పైన పడితే ఎర్ర చుక్క. ఎర్ర చుక్కలు వరసగా నాలుగు పడ్డాయంటే మనిషి దొంగతిండి తింటున్నట్టే లెక్క.

టైలరమ్మ అట్ట మీద ఎర్ర చుక్కలు పందొమ్మిది.

టైలరమ్మ అంటే రెడీమేడ్ బట్టల యూనిట్‌లో కాలర్లు కుట్టే మనిషి. తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. ఈవిడ కిడ్నీ సరిపోయింది. కానీ తొంభై ఆరు కిలోల మనిషిని కొయ్యలేమనీ, ఎనభైకి దిగితేనే ఆపరేషన్ అనీ ఆస్పత్రి కమిటీ చెప్పింది. అప్పుడే స్కేలు మేడం గీత గీసి, ఎనిమిది నెలలని తేదీతో సహా రాసిచ్చింది. ఎనిమిది నెలలూ అయ్యాయి. తూకం యంత్రం ముల్లు ఎనభై ఎనిమిది దాకానే వచ్చింది, అదీ బంక పూసినట్టు మెల్లగా.

“నిజం చెప్పమ్మా, ఎక్కడ తింటున్నావ్?” అని అడిగింది మేడం ఆ రోజు, పక్క గదిలోకి కూడా వినపడేలా.

“మీరు రాసిచ్చిందే మేడం. పద్దెనిమిది వందలు. ఒట్టు.”

“ఒట్లు యంత్రానికి వినపడవు. నీ తమ్ముడి ప్రాణం కన్నా నీకు నోరే ఎక్కువైందా?”

టైలరమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచుంది. “ఆకలి మాత్రం మొదట్లో కన్నా ఇప్పుడే ఎక్కువేస్తోంది మేడం,” అంది చివరికి, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

“అదిగో, బయటపడింది,” అని మేడం ఫైల్లో ఒక వాక్యం రాసింది: చెప్పిన ఆహారం పాటించడం లేదు, నమ్మకం తక్కువ. చెప్పిన మాట వినని మనిషి ఆపరేషన్ తర్వాత జాగ్రత్తగా ఉంటుందా అని కమిటీ వాళ్ళు ఆ వాక్యం చదివి ఆవిడ పేరు పక్కన పెట్టారు. తమ్ముడికీ కారణం చెప్పారు.

ఇది జరిగిన మూడు వారాలకి మేడం దగ్గరికి లెక్కలమ్మాయి వచ్చింది. ఆస్పత్రి రికార్డులు చూసి నివేదికలు తయారుచేసే కొత్త ఉద్యోగి, మనిషి పుల్లలా ఉంటుంది, మాట మాత్రం సూదిలా ఉంటుంది. పాత అట్టలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మేడం గదిలోకి అడుగుపెట్టింది.

“మేడం, ఒక అనుమానం. ఈ డెబ్బై అట్టల్లో అరవై నాలుగు ఒకేలా ఉన్నాయండీ. మొదటి నెల చుక్కలు గీత కింద ఉంటాయి. తర్వాత మెల్లగా పైకి వంగుతాయి. ఇంతమందీ కూడబలుక్కుని ఒకే నెలలో అబద్ధాలు మొదలుపెట్టారంటారా?”

“జనం అంతేనమ్మా. మొదటి నెల భయం, రెండో నెల బద్ధకం.”

“అయుండొచ్చు. కానీ మీ గీతని ఇలాగే లాగుతూ పోతే…” ఆ పిల్ల టైలరమ్మ అట్ట తీసి, టేబుల్ మీదున్న స్కేలుతో గీతని అట్ట దాటించి, టేబుల్ మీద పరిచిన కాగితం మీదికి లాక్కుంటూ పోయింది. “నాలుగేళ్ళకి ఈవిడ బరువు సున్నా కిలోలు మేడం. ఇంక కిడ్నీ తియ్యడానికి మనిషే ఉండదు.”

మేడంకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ సున్నా వంక చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది. పన్నెండేళ్ళలో ఒక్కసారైనా ఆ గీత చివర ఏముందో తను చూడలేదు.

లెక్కలమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “కొవ్వులో అన్ని క్యాలరీలు ఉన్న మాట నిజమే. తప్పల్లా, రోజూ ఐదొందల లోటు అలాగే ఉంటుందనుకోవడంలో ఉంది. తొంభై ఆరు కిలోల ఒంటిని పోషించడానికి అయ్యే ఖర్చు వేరు, ఎనభై ఎనిమిదిది వేరు. ఒళ్ళు తగ్గేకొద్దీ మోసే బరువు తగ్గుతుంది, పోషించాల్సిన కండా కొవ్వూ తగ్గుతాయి, పైగా తిండి తగ్గిందని ఒళ్ళు తనంతట తానే కాస్త పొదుపు చేస్తుంది. అదే పద్దెనిమిది వందలు తింటున్నా, మొదట ఐదొందలున్న లోటు ఇప్పటికి సుమారు మూడొందలకి దిగుంటుంది. అలా దిగి దిగి ఒకనాటికి సున్నా అవుతుంది. అక్కడ బరువు ఆగుతుంది. లెక్క ప్రకారం ఈవిడకి అది డెబ్బై ఐదు, డెబ్బై ఆరు దగ్గర. చేరడానికి మూడేళ్ళు. సగం తగ్గడానికే దాదాపు ఏడాది.”

“మరి మొదటి నెల అంత వేగంగా తగ్గిందే?”

“అది కొవ్వొక్కటే కాదు కదండీ. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం, దాన్ని పట్టుకున్న నీళ్ళు పోయాయి. అది మీకు తెలుసు.”

తెలుసు. పరీక్షలో రాసింది కూడా. తెలిసిన ముక్కని తెలిసిన గీత పక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు, అంతే.

లెక్కలమ్మాయి ఒక మీట నొక్కింది. తెర మీద వయసు, ఎత్తు, బరువు, తిండి అన్నీ వేసి కట్టిన లెక్క ఒక వంపుగా పరుచుకుంది. మొదట జారుడుబల్లలా, తర్వాత మెల్లగా చదునవుతూ. దాని మీద టైలరమ్మ చుక్కలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. ముప్పై అయిదు చుక్కలు. కాలర్ మీద కుట్టు పడ్డట్టు ఆ వంపు వెంటే పడ్డాయి.

“దీన్ని వెనక్కి కూడా నడపొచ్చు మేడం. బరువులిస్తే సగటున ఎంత తిన్నదో చెప్తుంది. ఏ పూట ఏం తిన్నదో చెప్పలేదు, నెలల మీద సగటు చెప్తుంది. ఈవిడది పద్దెనిమిది వందల యాభై వచ్చింది. ఆ యాభై ఎంతంటే చిన్న చెంచాడు నూనె. అది లెక్కలో తేడా కూడా కావచ్చు.” ఆ పిల్ల గొంతు కొంచెం తగ్గించింది. “ఇంకోటి. బరువు తగ్గేకొద్దీ ఆకలి పెరుగుతుంది. చాలామందికి ఆ ఒత్తిడికే తిండి తెలీకుండా పెరిగి, బరువు ఏడాది లోపే ఆగిపోతుంది. ఈవిడ ఆ ఆకలికి కూడా లొంగలేదు. ఇంత గట్టిమనిషిని నేనీ డెబ్బైలో చూడలేదు.”

మేడం టైలరమ్మ అట్ట దగ్గరికి లాక్కుని చూసింది. ఆకలేస్తోందన్న మాటకి తను ‘బయటపడింది’ అంది. పక్క గదికి వినపడేలా అంది. ఆ గదిలో ఆ రోజు ఎవరెవరు కూచున్నారో కూడా ఇప్పుడు గుర్తొస్తోంది. వాళ్ళే కాదు, ఎర్ర చుక్కలు పడ్డ ఆ అరవై నలుగురూ. ఒకాయన తూకం ఎక్కే ముందు చెప్పులతో పాటు బెల్టు, వాచీ కూడా తీసేసేవాడు. ఒక పిల్లతల్లి ‘రేపట్నించి మానేస్తా మేడం’ అంటూ, తినని దానికి కూడా క్షమాపణ చెప్పేది. వాళ్ళ మీద తను పెట్టిన ఎర్ర చుక్కలన్నీ ఒక్కసారి ఒంటి మీద పడ్డట్టు చీర సర్దుకుంది.

“ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?” అని అడిగింది. అడిగినందుకు మళ్ళీ సిగ్గేసింది.

“లేదండీ. మొదట మీకే.”

మర్నాడు పొద్దున్నే మేడం కమిటీ ముందు నిలబడింది. ఆ వాక్యం తప్పని, తప్పు పేషెంటుది కాదు తన లెక్కదని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలకి ముందు మంచినీళ్ళు మూడుసార్లు తాగింది. సర్జన్ వంపు గీసిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అయితే ఎనభైకి ఎప్పుడొస్తుంది? మళ్ళీ తేదీ ఇస్తారా?” అన్నాడు. ఆ మాట చురుక్కుమంది.

“ఇలాగే తింటే ఇంకో ఏడాది పైనే సార్. ఇంకో మూడు నాలుగు వందలు తగ్గిస్తే ఆరు నుంచి తొమ్మిది నెలలు. అదీ కండ తగ్గకుండా, రక్తపరీక్షలు చూసుకుంటూ. ప్రతి నెలా కొత్త బరువు వేసి లెక్క మళ్ళీ కడతాం.”

వాక్యం కొట్టేశారు. పేరు మళ్ళీ జాబితాలోకి వచ్చింది.

సాయంత్రం బట్టల యూనిట్ గేటు దగ్గర మేడం నిలబడింది. షిఫ్టు వదిలాక ఆడవాళ్ళంతా గలగలా బయటికొస్తుంటే టైలరమ్మ ఆవిణ్ణి చూసి బిక్కచచ్చిపోయింది.

“ఇక్కడికీ తూకం పట్టుకొచ్చారా మేడం?”

పక్కనున్న వాళ్ళు నవ్వారు. మేడం నవ్వలేదు. “తప్పు నాదమ్మా. నువ్వు చెప్పినట్టే తిన్నావు. నా లెక్కే సరైంది కాదు,” అని అందరి ముందే అంది. పక్కకి తీసుకెళ్ళి చెబుదామనుకుంది గానీ, తిట్టింది చాటుగా కాదు కదా.

టైలరమ్మ మేడం ఇచ్చిన వంపు కాగితం తీసుకుంది గానీ మడతపెట్టలేదు, చదవలేదు. “నాకూ అనుమానమొచ్చింది మేడం. నిద్దట్లో లేచి తింటున్నానేమో అని వంటగదికి తాళం వేసి చెవి పక్కింటావిడకిచ్చాను పది రోజులు,” అంది మెల్లగా.

“నీ పేరు మళ్ళీ జాబితాలో పెట్టారమ్మా,” అంది మేడం.

“జాబితా సంగతి సరే. మా తమ్ముడికి మాత్రం మీరే చెప్పండి. తినకుండా ఉండలేకపోయానని వాడు నాతో మూడు వారాలుగా మాట్లాడట్లేదు.”

డయాలసిస్ గదిలో తమ్ముడు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. చేతి నుంచి ఎర్రటి గొట్టాలు యంత్రంలోకి వెళ్ళి తిరిగొస్తున్నాయి. మేడం మంచం పక్కన స్టూల్ లాక్కుని, మొదట్నించీ చెప్పింది. అతను కళ్ళు తెరవకుండానే విన్నాడు.

“అంటే అప్పుడు మీరు రాసిచ్చిన తేదీ…”

“ఎవరూ చేరలేని తేదీ బాబూ.”

“అప్పుడు మా అమ్మ కిడ్నీ కూడా సరిపోయింది తెలుసా? అక్కే వద్దంది. పెద్దదానివి, ఎనిమిది నెలలేగా, నేనిస్తానంది. ఇప్పుడు అమ్మకి షుగర్ తేలింది. తీసుకోరంట.” అతను కళ్ళు తెరిచాడు. కోపంగా అరుస్తాడేమోనని మేడం ఎదురుచూసింది. అరిస్తే బావుండేది. “దాదాపు రెండేళ్ళని చెప్పుంటే మేం వేరేలా ఆలోచించుకునేవాళ్ళం కదండీ.”

“అవును,” అంది మేడం.  లేచి వెళ్ళిపోదామనిపించింది. కూచుంది.

తలుపు దగ్గర టైలరమ్మ ఆగిపోయి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలీక. తమ్ముడు చూశాడు. గొట్టాలున్న చెయ్యి కదపకూడదు గనక రెండో చెయ్యి పక్కమీద తట్టి, “రావే అక్కా,” అన్నాడు. “ఏమైనా తిన్నావా?”

ఆ మాట అడిగినందుకు అతనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. టైలరమ్మ మంచం అంచున కూచుని అతని తల నిమురుతూ, “లేదురా, ఇంటికెళ్ళి తింటా,” అంది. మేడం స్టూల్ మీద తల వంచుకుని కూచునే ఉంది.