కింది రెండు వరుసలు

కారు గాంగ్‌షాన్ ఊరు దాటకముందే బోల్టుల ఫ్యాక్టరీ ఓనరమ్మ విషయం తేల్చేసింది. "బోల్టులు తక్కువ పెట్టినవాణ్ణి పనిలోంచి తీసేశామని చెబుతాను. నువ్వు నోరెత్తకు. అతెంగ్‌కి ఇప్పుడు జీతం కోసేదుందా, పరువు పోయేదుందా? పోయినవాడి మీద పెడితే ఎవరికీ నష్టం లేదు."

లియెన్‌చూ సరేనంది. అతెంగ్ ఆమె భర్త. అతను పోయిన దగ్గర్నుంచి ఆమె అన్నిటికీ సరేనంటూనే ఉంది. శవపేటికకి ఈ రంగు చాలా అంటే సరేనంది. అతను చేసిన ప్యాకింగ్ పనిలోనే చేరమంటే సరేనని చేరింది. ఇల్లు, ఫ్యాక్టరీ, అన్నం, నిద్ర అన్నీ ఒకే రుచిగా ఉన్నాయి. ఓనరమ్మ చెడ్డమనిషేం కాదు. శవయాత్ర ఖర్చులో సగం ఆవిడే పెట్టుకుంది. అలాంటివాళ్ళకి కాదని చెప్పడం మరీ కష్టం.

సరుకు కొన్న వెంగ్ షెడ్డు బుదాయ్‌లో, సముద్రపొడ్డు చేపల చెరువుల పక్కనే ఉంది. చెరువుల మీద సోలార్ పలకలు నిలబెట్టే కాంట్రాక్టు అతనిది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా జింకు పూసిన బోల్టులు కావాలి. పెట్టెకు వెయ్యి బోల్టుల చొప్పున ఫ్యాక్టరీ బిల్లు వేసింది. పని సగంలో ఉండగానే బోల్టులు అయిపోయాయి. వెంగ్ డబ్బు ఆపేసి, ప్యాకింగ్ మనిషిని వెంటబెట్టుకుని రండి, మీ కళ్ళముందే లెక్కపెడదాం అన్నాడు.

"బరువు చూడండి వెంగ్ అన్నా," అంది ఓనరమ్మ, పెట్టెను తూకం మీద పెట్టించి. "బిల్లులో పదిహేను కిలోలు. ఇక్కడా పదిహేనే."

"కిలోల లెక్కన బిగిస్తామా చెల్లమ్మా? రంధ్రానికో బోల్టు కావాలి. నువ్వు బిల్లు వేసింది కూడా బోల్టుల లెక్కనే కదా."

"దారిలో ఎవరైనా..."

"టేపు చూడు. నీ ఫ్యాక్టరీ పేరున్న టేపే, కొస కూడా లేవలేదు. పాపం ఆ లారీవాణ్ణి లాగకు. దించుకున్నప్పుడు 'పెట్టెలు సరి, లోపల చూడలేదు' అని రాసే సంతకం పెట్టాను."

 పెట్టె కోసి బోల్టులు గోనెపట్టా మీద గుమ్మరించారు. వెంగ్ మనిషి ఒక పక్క, లియెన్‌చూ ఒక పక్క కూర్చుని పదేసి కుప్పలు పెట్టారు. తొమ్మిదివందల అరవై ఎనిమిది తేలాయి. ఇంకో పెట్టె విప్పితే ఇంచుమించు అంతే. లియెన్‌చూకి సిగ్గూ వేయలేదు, భయమూ వేయలేదు. వేళ్ళకి జింకు పొడి అంటుకుందని మాత్రం గమనించింది.

వెంగ్ సిగరెట్టు వెలిగించాడు. "ఇప్పుడు చెప్పు. ఎవడి పని?"

"తీసేశాం అన్నా. అతెంగ్ అని, పాతమనిషి..."

"అతెంగా?" వెంగ్ సిగరెట్టు నోట్లోంచి తీశాడు. "ఫోన్లో దగ్గుతూ మాట్లాడే అతెంగేనా? మనిషిని ఎప్పుడూ చూడలేదు గానీ గొంతు నాకు బాగా తెలుసు. ఒకసారి ఫోన్ చేసి, అన్నా, నీ పెట్టెలో ఒక గుప్పెడు ఎక్కువ పడ్డాయేమో చూడు అన్నాడు. నిజంగానే పడ్డాయి. నవ్వుకున్నాను, వీడెవడ్రా బాబూ అని." పక్కకి తిరిగి ఉమ్మేశాడు. "అంటే నమ్మకం కుదిరేదాకా నాటకమాడాడన్నమాట. దొంగనాయాలు."

ఓనరమ్మ నేలచూపులు చూసింది.

"అలాగైతే ఈ సరుకు ఒక్కటే కాదు చెల్లమ్మా. ఇన్నేళ్ళూ వాడి మాట మీద పెట్టె విప్పకుండా డబ్బు కట్టాను. వెనక షెడ్డులో ఉన్న పాత సరుకంతా విప్పిస్తాను. బిగించేసిన వాటికి కూడా ఇదే తరుగు లెక్కగడతాను. అదంతా తేలేదాకా నీకు పైసా రాదు."

 ఎవరికీ నష్టం లేదనుకున్న అబద్ధం ఓనరమ్మ గల్లాపెట్టె మీదికే వచ్చి కూర్చుంది. ఆవిడ ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటుండగా లియెన్‌చూ మాట్లాడింది. ధైర్యం తెచ్చుకుని కాదు. దొంగ అన్న మాట చెవిలో పడింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆయన్ని తీసెయ్యలేదండీ. చచ్చిపోయాడు. ఈ పెట్టెలు కట్టింది నేను."

గోనెపట్టా మీది బోల్టొకటి చేతిలోకి తీసుకుంది.

"మా లెక్క తూకం మిషనే చేస్తుంది. ఒక్కో బోల్టు బరువెంతో దానికి చెబితే, పోసినవి ఎన్నో అది చూపిస్తుంది. ఈ బోల్టుకి అందులో దాచి ఉన్న అంకె పూత పడని నల్లబోల్టుది. జింకు పూతకి పంపేముందు అదే మిషను మీద లెక్కేస్తారు. పూత పడ్డాక బోల్టు బరువెక్కుతుంది. అందుకని ఆయన రోజూ పొద్దున పూతేసినవి కొన్ని ఎంచి పోసి, అంకె కొత్తగా పెట్టుకునేవాడట. నాకది తెలీదు. మీటనొక్కితే వచ్చిన అంకెతోనే కట్టుకుంటూ పోయాను. బరువు సరిపోయింది, బోల్టులు తగ్గాయి. మీరు ఫోన్ చేశాక పూతమనిషిని అడిగితే తెలిసింది."

"నువ్వు అతనికి ఏమవుతావు?" అన్నాడు వెంగ్.

"భార్యని."

వెంగ్ సిగరెట్టు నేలకేసి నలిపాడు. ఓనరమ్మ వైపు చూసిన చూపులో తిట్లన్నీ ఉన్నాయి. "మరి ఎక్కడిదాకా అతను కట్టినవి వదినా? ఎక్కణ్ణుంచి నీవి?"

లియెన్‌చూ పెట్టెల మధ్యకి నడిచింది. గోడవారగా ఉన్న చెక్క బల్ల మీది దొంతర దగ్గర ఆగింది. "ఇందులో కింది రెండు వరుసలు ఆయనవి. అవి పేర్చి మంచినీళ్ళకి వెళ్ళాడు. అక్కడే పడిపోయాడు. నేను పనిలో చేరేదాకా ఫ్యాక్టరీలో ఇది అలాగే ఉంది. పైవన్నీ నేను కట్టాను. నమ్మకం లేకపోతే కిందిది ఒకటి విప్పండి."

పైవి దించి కిందిది తీశారు. తూకం మీద పెడితే బిల్లు కంటే అర కిలో ఎక్కువ చూపించింది. వెంగ్ మనిషే టేపు కోశాడు. లెక్కపెట్టారు. సరిగ్గా వెయ్యి. వెంగ్ ఇంకొకటి విప్పించాడు. అదీ వెయ్యే.

తర్వాత బేరం తొందరగానే తెగింది. ఆ రెండు వరుసల వరకూ, దానికి ముందు వచ్చినదంతా సరి, అడగను అన్నాడు వెంగ్. తర్వాతి పెట్టెల్లో ఒక్కో దొంతరలోంచి రెండు విప్పి, సగటున ఎంత తగ్గితే అంత బిల్లులోంచి తగ్గిస్తూ ఓనరమ్మ కాగితం పంపాలి. తగ్గిన బోల్టులు కొత్తగా కట్టి, లారీ కిరాయి తనే పెట్టుకుని పంపాలి. వాటికి మామూలు ధరే. పని ఆగిన రోజుల కూలి చెరిసగం. మిగతా డబ్బుకి వెంగ్ చెక్కు రాస్తాడు. ఓనరమ్మ అన్నిటికీ ఒప్పుకుంది. లియెన్‌చూ ముందు తలెత్తలేకపోయింది, అది న్యాయంగానే ఉంది.

వెంగ్ లియెన్‌చూకి టీ సీసా అందించాడు. ఓదార్పుగా ఏదో చెప్పాలని అతనికి ఉంది. "నోరు జారాను వదినా, క్షమించు. నీ మొగుడి లెక్కకి తిరుగులేదు." పనివాళ్ళ వైపు తిరిగాడు. "ఒరే, ఆ కింది రెండు వరుసలూ బండెక్కించండి. లెక్క ఖాయమైన సరుకు, వీటితోనే పని మొదలెడదాం."

వాళ్ళు ఒక్కో పెట్టె భుజానికెత్తుకుని వెళుతున్నారు. విప్పని పెట్టెల మీద టేపు ఉంది. ప్రతి మూలా బొటనవేలితో నొక్కి అంటించిన టేపు. అతను ఇంట్లో కూడా అలాగే, ఏది మూసినా మూలలు నొక్కేవాడు. ఈ లోకంలో అతని చేత్తో చివరగా మూసినవి ఇవే. అవి ఎక్కడున్నాయో తనే చూపించింది.

ఆగండి అనాలనిపించింది. ఏమని ఆపాలో తెలియలేదు, అవి వెంగ్ కొనుక్కున్న బోల్టులు. చివరి పెట్టె గుమ్మం దాటుతుంటే అతను పోయాక మొదటిసారి లియెన్‌చూకి గుండెలో సన్నగా నొప్పి మొదలైంది.