తాళం ఎవరి దగ్గరుంది

కూరగాయల మార్కెట్లో ఆడవాళ్ల మరుగుదొడ్డికి రెండేళ్లుగా తాళమే. గుమానీ బాయి తెల్లవారకముందే బండి పెట్టి, సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేది. పురపాలక కార్యాలయంలో అడగడానికి ఎన్నిసార్లు వెళ్లినా, అక్కడి గుమాస్తా దామోదర్ వ్యాస్ తల ఎత్తేవాడు కాదు.

పాలీ పట్టణంలో కచేరీ ముందు అర్జీలు టైపు చేసే నా బల్ల దగ్గరకు ఆమె చిరాగ్గా వచ్చింది.

"ఎందుకు తెరవరు, సిగ్గు లేదా అని రాయండి మున్షీజీ."

"ఎందుకని అడిగితే కాగితం చెత్తబుట్టలో పడుతుంది. సిగ్గు రికార్డుల్లో ఉండదు బాయీ. ఉన్నవే అడుగుదాం."

సమాచార హక్కు దరఖాస్తు టైపు చేశాను. ఒకటి: గత ఏడాది ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా ఆ మరుగుదొడ్డి శుభ్రతకు చెల్లించిన బిల్లుల నకళ్లు. రెండు: అక్కడ పనిచేసినవారి హాజరుపట్టీ. మూడు: తాళంచెవి ఎవరి స్వాధీనంలో ఉందో తెలిపే పేజీ, ఆ ఉద్యోగి పేరు, హోదా. పౌర సమాచార అధికారి పేరిట పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నంబరు, తేదీ కింద రాశాను.

గుమానీ తీసుకెళ్లి ఇస్తే వ్యాస్ దాన్ని వేళ్ల చివరలతో పట్టుకున్నాడు. "కూరలమ్మేదానికి బిల్లులెందుకట?"

"ఎందుకో చెప్పక్కర్లేదని చట్టమే చెప్పింది బాబూ. రసీదు ఇవ్వు."

"చదువొచ్చా నీకు?"

"నీకొస్తే చాలు."

ముప్ఫయి రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. ముప్ఫయి ఏడో రోజున వచ్చిన కాగితంలో, నలభై మూడు పేజీలకు పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని ఉంది. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. అది తెలియని వ్యాస్ ఆ కుర్చీలో పన్నెండేళ్లుగా కూర్చున్నాడు. ఆ ఒక్క మాటతో పై అధికారికి అప్పీలు పంపాం. మూడు వారాలకు నకళ్ల కట్ట ఊరికే వచ్చింది.

బిల్లుల ప్రకారం రోజూ ఫినాయిలు పోసి కడిగారు. హాజరుపట్టీలో ఇద్దరు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. చివరి పేజీలో తాళంచెవి దామోదర్ వ్యాస్ స్వాధీనంలో ఉందని అతని సంతకంతోనే ఉంది.

గుమానీ మరో పదకొండుమంది కూరలమ్మే ఆడవాళ్లతో వెళ్లి, ఆ పేజీని అతని బల్లమీద పరిచింది. వ్యాస్ చాలాసేపు చదివాడు. తన సంతకం చదవడానికి అంతసేపు ఎందుకో మరి.

"నోటితో అడిగితే నేనే తీసేవాణ్ణి కదా" అన్నాడు చివరికి.

"రెండేళ్లు అడిగాను. నీ చెవులు తెరవడానికి పోస్టల్ ఆర్డరు కొనాల్సి వచ్చింది."

తాళం తీస్తే లోపల అతని బావమరిది ఉల్లిపాయల బస్తాలు. ఆ సాయంత్రానికి ఖాళీ చేశారు. ఆడవాళ్లే కడుక్కుని వాడుకోవడం మొదలెట్టారు.

వ్యాస్‌కు ఏమీ కాలేదు. జనన ధ్రువపత్రాల బల్లకు మార్చారంతే. నిన్న కూలి చేసుకునే ఒక తల్లి నా దగ్గరకొచ్చి, బిడ్డ పత్రం కోసం ఎన్నిసార్లు వెళ్లినా ఆ బల్ల దగ్గర ఎవరూ తల ఎత్తడం లేదని చెప్పింది. కొత్త కాగితం మిషన్లో పెట్టాను.