అరగని బంగారం

వేలంశాలలో వస్తువుల స్థితి రాసే ఆవిడకి మనుషుల కంటే పింగాణీతోనే సావాసం ఎక్కువ. ఆ రోజు పొద్దుట్నించీ నోరు విప్పే పనే పడలేదు.

బల్ల మీద బంగారు అంచు కప్పుల జత ఉంది. మొదటిదాన్ని గోటితో మీటితే ఖంగుమంది. పగులు లేదు గానీ, అంచూ పిడీ అరిగిపోయి తెల్లగా తేలాయి. రెండోది బొంగురుగా పలికింది. భూతద్దంలో వెంట్రుకంత గీత కనబడింది, దాన్నే హెయిర్‌లైన్ అంటారు. దాని అంచు కాస్తే అరిగింది. అతుకుల్ని బయటపెట్టే నీలిదీపం కింద పిడి మాత్రం వేరే రంగులో మెరిసింది. విరిగితే అతికించి, పైన బంగారం పూశారన్నమాట. ఆ పూత మీద ఒక్క వేలి రాపిడీ లేదు.

అతికించాక దాంతో తాగేవాళ్లు లేరు. పక్క కప్పు ఒక్కటే ఏళ్లపాటు అరిగింది.

ఉన్నదున్నట్టు రాసి పంపింది. కొనబోయేవాడు ఫోన్ చేశాడు.

"హెయిర్‌లైన్‌కి భయపడాలా?"

"వేడి పోస్తే సాగొచ్చండీ. పిడి కూడా రిపేరు చేసిందే. ధర తగ్గేది అందుకే."

"పర్లేదు, వాడను, అల్మరాలో పెడతా. ఆ అరిగిపోయింది మాత్రం నాకొద్దు. మెరిసేది ఒక్కటే ఇవ్వండి."

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

"అవి ఒకసారి విడిపోయాయి, చాలండీ. జత విడదీయం."

ఫోన్ పెట్టేసింది. కప్పులు రెంటినీ ఒకే పెట్టెలో సర్ది, మూత వెయ్యకుండా వాటి పక్కనే కూర్చుని తన టీ తాగింది.