బాణం తిప్పి గీసినవాడు

తిరుచ్చి మూల్యాంకన కేంద్రంలో ఇంజనీరింగ్ పరీక్ష పేపర్లు దిద్దుతున్న కనకవల్లికి ఒళ్ళు మండిపోయింది. పదహారు మార్కుల ప్రశ్నకు పక్కాయన సున్నా చుట్టి, "జవాబుల కీ ప్రకారమే వేశానండీ" అని పేపరు ఆమె ముందుకు తోశాడు. ఆ మార్కులు కలిస్తే కుర్రాడు గట్టెక్కుతాడు, లేకపోతే తప్పినట్టే.

ప్రశ్న తేలికే. రెసిస్టరు, ఇండక్టరు, కెపాసిటరు వరసగా కలిపి, వాటికి ఒక వోల్టేజి మూలం తగిలించారు. కెపాసిటర్ వోల్టేజినీ ఇండక్టర్ కరెంటునూ స్థితి చలరాశులుగా తీసుకుని సమీకరణాలు రాయమన్నారు. బొమ్మలో కెపాసిటరుకు ప్లస్, మైనస్ గుర్తులున్నాయి గానీ, కరెంటు ఎటు పారుతుందో చూపే బాణం లేదు. కుర్రాడు అందరిలా కుడివైపు కాక ఎడమవైపు గీసుకున్నాడు, గీసిన సంగతి స్పష్టంగా రాశాడు కూడా.

ఆమె పేపరు పట్టుకుని ప్రధాన పరీక్షకుడు తిరునావుక్కరసు బల్ల దగ్గరకు వెళ్ళింది. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి చూశాడు.

"గుర్తులన్నీ తారుమారేగా అమ్మా?"

"అన్నీ కావు సార్. బాణం తిరిగితే మూడే మారాలి. వోల్టేజి మారే రేటులో కరెంటు పదం, కరెంటు మారే రేటులో వోల్టేజి పదం, మూలం పదం. మూడే మారాయి."

"మరి రెసిస్టరు ముందు మైనస్ అలాగే ఉందేం? ఎక్కడో చూసి రాసి ఉంటాడు. అది కూడా మార్చడం మరిచిపోయాడు."

కనకవల్లి గొంతు లేచింది. "కరెంటు ఎటు పారినా రెసిస్టరు దాన్ని అడ్డుకునేదే కదండీ! అక్కడ ప్లస్ పెట్టి ఉంటే ఆ కరెంటు తనంతట తనే పెరుగుతూ పోయేది. మార్చకూడదని వాడికి తెలుసు. ఇంతమంది మాస్టర్లం, మనకే తెలియలేదు!"

ఆయన కాగితం తీసి, సర్క్యూట్ నడతను తేల్చే లక్షణ సమీకరణం వేశాడు. ఒకసారి కీ గుర్తులతో, ఒకసారి కుర్రాడి గుర్తులతో. రెండూ ఒకటే వచ్చాయి. మొహం ముడుచుకున్నాడు.

"సరే, దీనికి వేసెయ్యండి. వెళ్ళి కూర్చోండి."

"పొద్దున దిద్దిన కట్టలు?"

"సీలు పడ్డాయి."

"విప్పించండి."

"విప్పితే కీ ఎవరు తయారుచేశారని పైనుంచి అడుగుతారు. వచ్చే ఏడాది పేపర్లు దిద్దడానికి మీ కాలేజీకి పిలుపు రాకుండా చేయగలను, తెలుసా?"

అంటే కీ తయారుచేసింది ఈయనే. తన పరువు కోసం ఊరూ పేరూ తెలియని పిల్లల ఏడాది పోయినా ఫరవాలేదన్నమాట. కనకవల్లి ఆయన బల్లమీదున్న, అందరినీ కాఫీకి పిలిచే మైకు అందుకుంది.

"బాణం ఎడమవైపు గీసి, మిగతాదంతా సరిగా రాసినవాళ్ళకి ఎవరెవరు ఎంత వేశారు? గట్టిగా చెప్పండి!"

హాల్లో కలాలు ఆగిపోయాయి. చివరి వరసలో ఒకావిడ తల దించుకునే అంది. "సున్నా, మేడం."

"నేనూ సున్నాయే," అన్నాడు కిటికీ పక్కాయన. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.

తిరునావుక్కరసు వాళ్ళనెవరినీ ఆపలేకపోయాడు. సొరుగు లాగి, సీళ్ళు తెంచే కత్తెర తీసి బల్లమీద పడేశాడు.