మూడు పేర్ల వరుస

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి హెడ్డాఫీసు ఉంది. అక్కడ కంప్లైంట్ల డెస్కులో కూర్చునే అర్చనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనుషులకు తిట్టడం వచ్చినంత బాగా చెప్పడం రాదని. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. పుంగనూరు బ్రాంచి నుంచి వాట్సాప్‌లో వచ్చే కంప్లైంట్ ఎలా ఉంటుందంటే, "ఈడ ఏసీ ఉండాదా సచ్చిందా? ఉడికిపోతాండాము." ఏ గదో, ఎప్పటినుంచో, లోపల పేషెంట్లున్నారో లేదో ఒక్క ముక్క ఉండదు.

అర్చన ఫోన్ చేసి అన్నీ రాబట్టేది. "పుంగనూరు, మొదటి అంతస్తు, స్కానింగ్ గది. ఏసీ ఆన్ అవుతోంది, చల్లగాలి లేదు. పొద్దుటి నుంచి. ప్రయారిటీ రెండు." ఇలా టికెట్ అనే పనిచీటీ రాసి పంపితే మెకానిక్ మురళి కావలసిన సామాను సర్దుకుని నేరుగా ఆ గదికే వెళ్లేవాడు. ప్రయారిటీ ఒకటంటే మనిషికి దెబ్బ తగిలే ప్రమాదం, ఉన్నపళంగా కదలాలి. రెండంటే ఆ రోజే. మూడంటే వారంలోపు. ఎవరెంత గొంతు చించుకున్నా అర్చన దగ్గర మూడు రెండయ్యేది కాదు. తంబళ్లపల్లె వైపు వేరుశనగ వేసుకునే ఇంటి పిల్ల. బోరు మోటారుకు ఏమైందో చెప్పకుండా ఎంత అరిచినా మెకానిక్ రాడని చిన్నప్పుడే చూసింది.

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరు రాజేంద్ర ఆమె టేబుల్ దగ్గర ఆగాడు.

"అర్చనా, కుప్పం బ్రాంచి క్లీనింగ్ రిపోర్టు సాయంత్రానికి కాంట్రాక్టరుకు పోవల్ల. ఆ మునెమ్మ పేరు మీద ఒకటే టికెట్ మళ్లీ మళ్లీ తెరుచుకుంటాండాది. నేల తడి, నేల తడి. ఆమెను మార్చమని రాసేస్తాండాను."

"మార్చడమంటే?"

"తీసేయడమే. ఆ కాంట్రాక్టరుకు ఇంకో బ్రాంచి యాడుంది?"

మునెమ్మను అర్చన ఎప్పుడూ చూడలేదు. గుడుపల్లె నుంచి బస్సులో వచ్చి రెండు షిఫ్టులూ నిలబడి తుడిచే మనిషని కుప్పం రిసెప్షనిస్టు పావని చెప్పగా విన్నదే. కూలిపనుల నుంచి జీతం పనిలోకి వచ్చిన ఇల్లు వాళ్లది. ఆ నెలజీతమే ఇంటికి ఆసరా. ఆ ఆసరాను తెంచబోయేది అర్చన చక్కగా రాసిన టికెట్లే.

కుప్పం టికెట్లు తెరిచి చదివింది. ఎప్పుడు చదివినా తన రాత తనకు ముద్దొచ్చేది. ఇవాళ రాలేదు. "చిన్నపిల్లల డాక్టరు గది ముందు, నేల తడి, క్లీనింగ్, ప్రయారిటీ రెండు." "మందుల షాపు ఎదురుగా, కుర్చీల కాళ్ల దగ్గర తడి, ఎవరూ కూర్చోవడం లేదు, సీటింగ్, ప్రయారిటీ మూడు." "ఎక్స్‌రేకి వెళ్లే దారి, ఏసీ వేస్తే ముక్కిపోయిన వాసన, ప్రయారిటీ మూడు." మూడు చోట్లు, మూడు రకాలు, ముగ్గురు మనుషులకు పోయాయి. మునెమ్మ తుడిచింది. ఇంకెవరో కుర్చీలు ముందుకు జరిపారు. మురళి ఫిల్టరు కడిగి వచ్చాడు. అన్నీ క్లోజ్ అయ్యాయి, నేల టికెట్ మాత్రం మళ్లీ మళ్లీ తెరుచుకుంది.

పావనికి ఫోన్ కలిపింది.

"పావనీ, చిన్నపిల్లల డాక్టరు గది ముందర నిలబడి చెప్పు. ఎదురుగా ఏముంది?"

"మందుల షాపుక్కా."

"ఎక్స్‌రేకి దావ యాడుంది?"

"ఈ పక్కనే. నడిమధ్యలో ఒకటే కుర్చీల వరుస ఉండాది. డాక్టరు కోసరం వచ్చినోళ్లు ఒకటి చెప్తారు, మందులకు వచ్చినోళ్లు ఇంకోటి చెప్తారు. యాల అడుగుతాండావక్కా?"

అర్చన మూడు టికెట్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే వరుస! కుప్పం బ్రాంచిని ఒక్కసారైనా కళ్లతో చూడకుండా ఒక వరుసను మూడు చోట్లుగా చీల్చి రాసింది తను. పుంగనూరు వాళ్లను గది పేరు కోసం అంత సతాయించే మనిషి, కుప్పం వాళ్లు పేరు చెప్పగానే సంతోషపడిపోయి ఇంకేమీ అడగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సిగ్గుపడుతూ కూర్చునే రకం కాదు గనక వెంటనే పనిలో దిగింది.

"ఆ వరుస పైన ఏసీ ఉండాదా?"

"వెనక గోడకే ఉండాదక్కా. గోడకు చెక్కపలకలు కొట్టినారు గదా, దాని పైన."

"ఏసీ ఆపెయ్. మునెమ్మక్క చేత పొడిగా తుడిపించు. ఎవరినీ ఆ వరుసలోకి రానీయొద్దు. కాసేపు ఆగి చూసి చెప్పు."

తుడిచిన చోటు పొడిగానే ఉందని పావని చెప్పింది. ఇప్పుడు ఏసీ వెయ్యమంది అర్చన. అక్కడ చల్లబడ్డాక పావని వీడియో పంపింది. పలకల అడుగునుంచి సన్నగా నీళ్లు ఊరి కుర్చీల కిందికి పాకుతున్నాయి. పైనుంచి చుక్క పడితే ఎవరైనా తలెత్తి చూసేవాళ్లు. ఇది గోడ వెనకాల దొంగలా దిగుతోంది మరి.

అర్చన మూడు టికెట్లనూ ఒకటి చేసి రాసింది. "కుప్పం, గ్రౌండ్ ఫ్లోరు, పిల్లల డాక్టరు గదికీ మందుల షాపుకీ మధ్య కుర్చీల వరుస, వెనక గోడ మీది ఏసీ. ఏసీ నడిచినప్పుడే పలకల వెనకనుంచి నీళ్లు. ఏసీ నీళ్లు పోయే డ్రైన్ పైపు మూసుకుపోయి ఉండవచ్చు. ముసలివాళ్లు, పిల్లలు జారిపడే ప్రమాదం. ఏసీ ఆపి, వరుస ఖాళీ చేయించాము. ప్రయారిటీ ఒకటి." పాత టికెట్లలో, "చోటు తప్పుగా రాసింది డెస్కు, అర్చన. క్లీనింగ్ లోపం కాదు" అని చేర్చింది.

రాజేంద్ర చదివి కళ్లద్దాలు తీశాడు. "నీ పేరు రిపోర్టులో కనబడతాది. పైవాళ్లు అడుగుతారు."

"అడగనీండి సార్. చెప్పడం నాకొచ్చు."

"మునెమ్మ మాట తీసేస్తాండాను అయితే," అని ఆయన రిపోర్టు వెనక్కి తీసుకెళ్లాడు.

మురళి కుప్పం చేరి పైపు ఊదితే ఆకుపచ్చ నాచు ముద్దలు ముద్దలుగా బయటపడింది. పైపు వాలు కూడా సరిచేసి, పొడి నేల ఫోటో పెట్టి టికెట్ క్లోజ్ చేశాడు. అర్చన హమ్మయ్య అనుకుని సీసాలో నీళ్లన్నీ ఒకేసారి తాగేసింది.

ఇంటికి బయలుదేరుతుంటే పావని ఫోన్ నుంచి మునెమ్మ మాట్లాడింది.

"అమ్మా, నువ్వు సల్లగుండల్ల. తుడిసి తుడిసి సేతులు పడిపోయినాయి. నేను తుడవడం లేదని రాసినోళ్లు ఎవరో గానీ, వాళ్ల సేతుల్లో సీపురు పెట్టి నిలబెట్టల్లమ్మా!"

అర్చన ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ పొగడ్త తీసుకుని బస్సెక్కవచ్చు.

"రాసింది నేనే మునెమ్మక్కా."

"నువ్వేనా?" అంది మునెమ్మ. గొంతులో కోపం లేదు. అదే అర్చనకు ఇంకా కష్టంగా తోచింది. "ఆ వరుసకాడ పొద్దస్తమానం ఉండేది నేనే గదమ్మా. అందరికీ ఫోన్ సేసినావంట. నాకు ఒక్కసారి సేసుంటే ఏం పోయుండేది?"

"నిజమే అక్కా. తప్పు నాదే," అంది అర్చన. భుజానికి తగిలించుకున్న సంచి దించి మళ్లీ కుర్చీలో కూర్చుంది. "నీ నంబరు చెప్పు, రాసుకుంటాను."