అనుకోనివి కవరు

ఇరవై ఎనిమిది వేలు. బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ధర అది. సాయంత్రం లోపు చేతిలో పెట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని టైలరు మాస్టారు తెగేసి చెప్పాడు. ఆయన దుకాణం ఎత్తేస్తున్నాడు, అరువు బేరం కుదరదు. ఆ మిషన్ వస్తే కోడలు ఇంట్లోనే కుట్టుకోవచ్చు. బట్టల కంపెనీలో పది గంటలు నిలబడి కాలర్లు తనిఖీ చేసే ఉద్యోగానికి ఒక దండం పెట్టెయ్యొచ్చు. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి మరి.

ఆదివారం పొద్దున్నే జీతాల డబ్బు మంచం మీద పరిచింది. తన పద్నాలుగు, లిఫ్టులు బాగుచేసే మొగుడి పదహారు, కలిపి ముప్ఫై వేలు. నాలుగు కవర్లు. అద్దె, కరెంటుకి పదకొండు. తిండి, గ్యాసుకి పదమూడు. పొదుపుకి మూడు, అనుకోనివాటికి మూడు. ఏ కవర్లోంచి ఎంత తీసినా తారీఖు, కారణం దాని వెనక రాయాలి. నెలాఖరుకి అనుకోనివాటిలో మిగిలింది పొదుపులో కలపాలి. ఈ చట్టం ఆమెదే. ఇంటాయన మొదట్లో నవ్వేవాడు గానీ, రెండుసార్లు అద్దె డబ్బుతో టైరు కొని చివాట్లు తిన్నాక దారికొచ్చాడు.

పొదుపులో పాతవి పంతొమ్మిది వేల తొమ్మిది వందలు. ఈ నెల మూడు. పోయిన నెల అనుకోనివాటిలో మిగిలినవి రెండు వేల వంద. ఇంకా మూడు వేలు తక్కువ. కొత్త నెల అనుకోనివి కవరు కూడా తెగించి ఖాళీ చేసేసింది. సరిగ్గా ఇరవై ఎనిమిది! ఈ ఒక్క నెలా ఎవరికీ ఏమీ రాకుండా ఉంటే చాలు, దేవుడా.

పోయిన నెల కవరు పాతవాటిలో పడేస్తూ అలవాటుగా వెనక్కి తిప్పింది. చెప్పు కుట్టించడం, కుళాయి, పిల్ల కళ్ళజోడు. మందులు లేవు.

అత్తగారి బీపీ మాత్రలకి నెలకి తొమ్మిది వందలు. అంతకు ముందు నెల కవరు వెతికి తీసింది. అందులో ఉన్నాయి. దానికి ముందు నెల లేవు.

"అత్తయ్యా, మాత్రలు ఇంకా ఉన్నాయా?"

వంటింట్లో కూర తరుగుతున్న అత్తగారు తలెత్తలేదు. "ఉన్నాయే, బోలెడు."

"నెల మాత్రలు రెండు నెలలెలా వస్తున్నాయి?"

"షాపువాడు మంచివాడు, ఎక్కువిచ్చాడు."

"ఎక్కువిచ్చేవాడు షాపెందుకు పెట్టుకుంటాడు? ఆ డబ్బా ఇటివ్వండి."

డబ్బాలో బ్లేడుతో రెండుగా కోసిన మాత్రలు. ఒక్కటి కూడా వంకర పోలేదు. ఎంత ఓపిగ్గా కోసిందో మహాతల్లి!

"సగమైనా పనిచేస్తాయిలే అమ్మాయ్," అంది అత్తగారు. "తల కాస్త బరువుగా ఉంటుంది, అంతే. ముందు వెళ్ళి మిషన్ తెచ్చుకో. డాక్టరు రేపు కూడా ఉంటాడు."

కోడలు డబ్బు వంక చూసింది. నిజమే, డాక్టరు రేపూ ఉంటాడు. ఆ మాట ఆమెకి నచ్చింది కూడా. నచ్చినందుకు సిగ్గేసింది. లేచి చెప్పులేసుకుంది.

"పదండి, ఇప్పుడే."

క్లినిక్కులో నర్సు రెండుసార్లు పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట తొంభై. డాక్టరు కోడల్నే కేకలేశాడు. ఫీజు, రక్తపరీక్ష, మాత్రలు కలిపి పద్దెనిమిది వందలు పోయాయి. అంత తక్కువైంది, కాస్త ఆగమని టైలరు మాస్టారుకి ఫోన్ చేస్తే, "సారీ అమ్మా, ఇప్పుడే ఇంకొకరు మొత్తం పట్టుకొచ్చారు," అన్నాడు. "సరేనండీ," అని పెట్టేసింది. రేపు పొద్దున మళ్ళీ ఏడింటికి కంపెనీ గేటు.

బయట బెంచీ మీద కూర్చున్నాక వచ్చింది కోపం.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని? పడిపోయుంటే ఎవరు చూసేవాళ్ళు? నాతో ఒక్క మాట అనొద్దా?"

అత్తగారు కొంగు చివర ముడి వేసి విప్పింది. "నీ మోకాళ్ళకి రాత్రుళ్ళు నువ్వు మూలగడం వింటున్నానే. నా మందులు అనుకోని ఖర్చుల్లో రాస్తావుగా. అది లేకపోతే మిగులుతుంది, మిగిలింది మిషన్‌కి పోతుంది. నేనున్నదే అనుకోని ఖర్చు కదా మీకు, కాస్త తగ్గుదామనుకున్నా."

ఈ ఇంటికి అత్తగారు వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ప్రతి నెలా అదే ఖర్చు, ప్రతి నెలా ఆ కవరు వెనకే రాసింది. రాసింది తన చేత్తోనే.

ఇంటికొచ్చాక తిండి కవరు తీసి, తిండి అన్న మాట కింద 'అత్తయ్య మందులు' అని రాసింది. పొదుపు డబ్బులోంచి తొమ్మిది వందలు తీసి అందులో పెట్టింది. ఇక నెలనెలా పొదుపుకి రెండు వేల వందే.

"మిషనో?" అంది అత్తగారు.

"అదే వస్తుంది ఎప్పుడో. ముందు మాత్ర వేసుకోండి."

నీళ్ళ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. పెద్దావిడ చిన్నపిల్లలా నోరు తెరిచింది. మాత్ర మొత్తం లోపలికి పోయేదాకా కోడలు అక్కడినుంచి కదల్లేదు.